కుర్చీలోంచి లేవడం: పెద్ద వయసువారిని ఆపుతున్నది ఏ కండరమో తెలుసుకునే పద్ధతి

కుర్చీలోంచి లేవలేకపోతున్న పెద్దవారిని చూడగానే ఇంట్లోవారు "కాళ్లలో బలం లేదు" అంటారు. ఆ మాట అబద్ధం కాదు గాని, ఏ కీలు దగ్గర, ఏ కండరంలో, కదలికలో ఏ క్షణాన బలం చాలడం లేదో అది చెప్పదు. ఆ సంగతి తేలకుండా వ్యాయామం మొదలుపెడితే, ఇప్పటికే సరిపడా బలమున్న కండరానికే నెలల తరబడి పని చెబుతూ, అసలు ఆపుతున్న కండరాన్ని అలాగే వదిలేసే ప్రమాదం ఉంది. ఫిజియోథెరపీ విద్యార్థులకూ, ఇంట్లో పెద్దవారిని చూసుకునేవారికీ ఉపయోగపడేలా, చూడటం, లెక్క కట్టడం, ఒక్కొక్క అంశాన్ని మార్చి పరీక్షించడం అనే వరుసలో ఆ కండరాన్ని ఎలా గుర్తించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: కదలికను నాలుగు భాగాలుగా చూడటం

చేతులు లేని, గట్టి సీటున్న కుర్చీని గోడకు ఆనించి ఉంచండి. సీటు నేల నుంచి సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే మంచిది, ఎందుకంటే ప్రామాణిక పరీక్షల్లో వాడే ఎత్తు అదే. పెద్దవారిని కుర్చీ ముందు సగంలో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకోమని చెప్పండి. మీరు వారి పక్కవైపున, పడబోతే పట్టుకునేంత దగ్గరగా నిలబడండి. ఫోన్‌తో పక్కనుంచి వీడియో తీయగలిగితే తరువాత నెమ్మదిగా చూసుకోవచ్చు.

ఆరోగ్యవంతులు సుమారు 2 సెకన్లలో ముగించే ఈ కదలికను 1990లో షెంక్‌మన్ బృందం నాలుగు దశలుగా విడదీసింది, ఇప్పటికీ ఆ విభజనే ఎక్కువగా వాడుకలో ఉంది. మొదటి దశలో పిరుదులు సీటు మీదే ఉంటాయి, మొండెం మాత్రం తుంటి దగ్గర మడిచినట్లు ముందుకు వంగుతూ వేగం పుంజుకుంటుంది. రెండో దశ పిరుదులు సీటును వదిలిన క్షణంతో మొదలవుతుంది. అంతవరకూ ముందుకు పోతున్న వేగం అక్కడ పైకి లేచే కదలికగా మారుతుంది, మోకాళ్లు పాదాల మీదుగా ఇంకాస్త ముందుకు వస్తాయి. మూడో దశలో తుంటి, మోకాళ్లు తెరుచుకుంటూ శరీరం నిటారవుతుంది. నాలుగో దశలో నిలబడ్డ మనిషి తూలకుండా కుదురుకుంటాడు.

వీడియోలో మొట్టమొదట వెతకవలసింది పిరుదులు సీటును వదిలే క్షణాన్ని. అంతకు ముందు శరీర బరువును కుర్చీ, పాదాలు పంచుకుంటాయి. ఆ క్షణం తరువాత బరువంతా పాదాల మీద పడుతుంది, అప్పటికి మోకాలు ఇంకా దాదాపు పూర్తిగా వంగే ఉంటుంది. మోకాలి మీదా తుంటి మీదా భారం గరిష్ఠ స్థాయికి చేరేది ఆ క్షణానికి అటూ ఇటూనే కనుక, ఎక్కువమంది ఆగిపోయేదీ వెనక్కి కూలబడేదీ అక్కడే.

రెండో మెట్టు: భారం లెక్క కట్టడం

ఈ లెక్క కట్టకుండా ముందుకు పోవద్దని నా సలహా. ఇందులో కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం తప్ప మరేమీ లేవు, కాని మిగిలిన మెట్లన్నీ దీని మీదే నిలబడతాయి.

60 కిలోల బరువున్న ఒక పెద్దావిడను ఉదాహరణగా తీసుకుందాం. తల, చేతులు, మొండెం కలిపి శరీర బరువులో సుమారు 68 శాతం ఉంటాయి, అంటే దాదాపు 400 న్యూటన్ల బరువు. రెండు తొడలూ కలిపి సుమారు 20 శాతం, అంటే 118 న్యూటన్లు. తుంటి నుంచి మోకాలి వరకు తొడ పొడవు 40 సెంటీమీటర్లు అనుకుందాం. పిరుదులు సీటు వదిలే క్షణంలో తొడలు నేలకు సమాంతరంగా ఉంటాయి.

ఏ కీలు దగ్గరైనా కండరాలు ఎదుర్కోవలసినది టార్క్ అనే తిప్పే బలాన్ని. బరువును, ఆ బరువు కీలుకు ఎంత దూరంలో పడుతోందో ఆ అడ్డ దూరంతో గుణిస్తే అది వస్తుంది. మొండెం కొద్దిగా, సుమారు 18 డిగ్రీలు మాత్రమే వంగితే, పై శరీరపు గురుత్వ కేంద్రం తుంటికి 10 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది, మోకాలికి మాత్రం ఇంకా 30 సెంటీమీటర్లు వెనుకే ఉంటుంది. అప్పుడు తుంటి మీద టార్క్ 400 ఇంటూ 0.10, అంటే 40 న్యూటన్ మీటర్లు. మోకాలి మీద 400 ఇంటూ 0.30, అంటే 120, దానికి తొడల బరువు వల్ల వచ్చే 27 కలిపితే 147. ఇవి రెండు కాళ్లకూ కలిపిన అంకెలు.

ఇప్పుడు అదే మనిషి మరికాస్త వంగి, మొండాన్ని 31 డిగ్రీల వరకు తెచ్చిందనుకోండి. గురుత్వ కేంద్రం తుంటికి 17 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది, తుంటి భారం 68కి పెరుగుతుంది, మోకాలి భారం 119కి తగ్గుతుంది. ఛాతీ తొడల దగ్గరకు వచ్చేలా 55 డిగ్రీలు వంగితే తుంటి మీద 108, మోకాలి మీద 79 పడతాయి.

మూడు సందర్భాల్లోనూ రెండు అంకెలూ కూడి చూడండి: 187, 187, 187. ఎంత వంగినా మొత్తం భారం మారదు. ముందుకు వంగడం వల్ల భారం మోకాలి నుంచి తుంటికి చేతులు మారుతుంది, అంతే. పెద్దవారు లేచేటప్పుడు ఎక్కువగా వంగడం కేవలం ముసలితనపు అలవాటు కాదనీ, బలం తగ్గిన మోకాలి పనిని ఇంకా బలమున్న తుంటికి అప్పగించే ఏర్పాటనీ ఈ లెక్క స్పష్టంగా చూపిస్తుంది. 187ను రెండు కాళ్లకు పంచి, బరువుతో భాగిస్తే ఒక్కో కాలికి కిలోకు సుమారు 1.56 న్యూటన్ మీటర్లు వస్తుంది. 2007లో యోషియోకా బృందం కంప్యూటర్ నమూనాతో లెక్కకట్టిన కనీస అవసరం, తుంటి, మోకాలు కలిపి కిలోకు 1.53. మనం కాగితం మీద వేసిన చిన్న లెక్క దానికి ఇంత దగ్గరగా రావడం వల్లే దీన్ని నేను ధైర్యంగా వాడతాను.

ఈ లెక్క కదలికను నిలిపిన చిత్రంలా చూస్తుంది కనుక వేగం సంగతి ఇందులో లేదు. మొండెం వేగంగా ముందుకు ఊగితే ఆ ఊపు కొంత పని చేసిపెడుతుంది. అయితే చాలామంది పెద్దవారు తూలిపోతామన్న భయంతో ఆ ఊపును వాడరు, నెమ్మదిగా వంగి, ఆగి, ఆ తరువాత లేస్తారు. అలాంటివారికి ఈ లెక్క మరింత బాగా వర్తిస్తుంది.

మూడో మెట్టు: ఏ కండరం ఎప్పుడు పని చేస్తుందో తెలుసుకోవడం

కదలికలో మొదట మేల్కొనేవాటిలో ఒకటి మోకాలి కింద, కాలి ముందువైపు ఉండే టిబియాలిస్ యాంటీరియర్ అనే కండరం. అది పాదాన్ని నేలకు స్థిరపరచి, మోకాలి కింది కాలిని ముందుకు లాగుతుంది. మొండెం వంగడానికి తుంటిని ముడిచే కండరాలు సాయపడతాయి. పిరుదులు సీటు వదలడానికి కాస్త ముందు నుంచే తొడ ముందు ఉండే క్వాడ్రిసెప్స్, వెన్నును నిలబెట్టే కండరాలు, పిరుదుల్లోని గ్లూటియస్ మాక్సిమస్, తొడ వెనుక ఉండే హామ్‌స్ట్రింగ్స్ దాదాపు కలిసికట్టుగా రంగంలోకి దిగుతాయి. పిక్కలోని సోలియస్ ఆ తరువాత, శరీరం ముందుకు తూలిపోకుండా ఆపడానికి, నిలబడ్డాక కుదురుకోవడానికి పనికి వస్తుంది.

ఇక్కడ విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. హామ్‌స్ట్రింగ్స్ మోకాలిని ముడిచే కండరాలు కదా, మోకాలు తెరుచుకోవలసిన సమయంలో అవి ఎందుకు బిగుసుకుంటాయి? దీన్ని 1903లో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వారెన్ లాంబార్డ్ వివరించాడు, అందుకే దీనికి లాంబార్డ్ వైరుధ్యం అని పేరు. హామ్‌స్ట్రింగ్స్ తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటుతాయి, అయితే తుంటి దగ్గర వాటికి ఉన్న మీట పొడవు మోకాలి దగ్గర కంటే ఎక్కువ. తొడ ముందు నుంచి రెండు కీళ్లనూ దాటే రెక్టస్ ఫిమోరిస్‌కు దీనికి తారుమారుగా మోకాలి దగ్గరే మీట ఎక్కువ. అందువల్ల రెండూ ఒకేసారి లాగితే తుంటి దగ్గర హామ్‌స్ట్రింగ్స్, మోకాలి దగ్గర రెక్టస్ ఫిమోరిస్ నెగ్గి, రెండు కీళ్లూ తెరుచుకుంటాయి. వంగి లేచే మనిషికి తొడ వెనుక కండరాలు ఎంత అవసరమో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఇన్ని కండరాల్లో వయసు మీద పడ్డాక ముందుగా హద్దుకు చేరేది సాధారణంగా క్వాడ్రిసెప్స్. 2003లో హోర్టొబాగ్యీ బృందం ప్రచురించిన కొలతల ప్రకారం, కుర్చీలోంచి లేవడానికి యువకులు తమ గరిష్ఠ బలంలో సుమారు 42 శాతం వాడితే, పెద్ద వయసువారు సుమారు 80 శాతం వాడారు. అంటే మనం గమనించకుండా చేసే పని వారికి దాదాపు గరిష్ఠ ప్రయత్నం అన్నమాట. ఒక్క జ్వరం, పది రోజుల మంచం చాలు, ఆ మిగిలిన 20 శాతం కరిగిపోయి లేవలేని స్థితి రావడానికి.

నాలుగో మెట్టు: ఒక్కొక్కటి మార్చి చూడటం

అసలైన పరీక్ష ఇది. ఒక్కసారి ఒక్క అంశాన్నే మార్చాలి, మార్చిన ప్రతిసారీ లేవడం సులువైందో కష్టమైందో రాసుకోవాలి, మధ్యలో ఒక నిమిషం విశ్రాంతి ఇవ్వాలి. రెండు అంశాలు కలిపి మారిస్తే ఫలితాన్ని దేనికి అంటగట్టాలో తెలియదు.

మొదట వంగే తీరును మార్చండి. "వీలైనంత నిటారుగా ఉండి లేవండి" అని ఒకసారి, "ముక్కు మోకాళ్లను దాటేంత వంగి లేవండి" అని ఒకసారి అడగండి. నిటారుగా లేవలేక, బాగా వంగినప్పుడు లేవగలిగితే కొరత మోకాలి దగ్గర, అంటే క్వాడ్రిసెప్స్‌లో ఉందనుకోవచ్చు. దీనికి భిన్నంగా, బాగా వంగినప్పుడు పిరుదులు సులువుగానే లేచి, మోకాళ్లు దాదాపు నిటారై, మొండెం మాత్రం వంగిపోయి అక్కడే చిక్కుకుంటే కొరత తుంటిని తెరిచే కండరాల్లో గాని వెన్ను కండరాల్లో గాని ఉంది.

తరువాత చేతులు ఎక్కడికి పోతున్నాయో చూడండి. చేతులు వదిలేసి మామూలుగా లేవమంటే చాలామంది తొడల మీద అరచేతులు ఆనించి, వాటిని నొక్కుతూ లేస్తారు. చూసేవారికి అది మోకాళ్లకు సాయంలా అనిపిస్తుంది, కాని లెక్క వేరుగా ఉంది. తొడ మీద నొక్కిన బలం శరీరం లోపలే ఉండిపోతుంది, మోకాలి పైన ఉన్న బరువులో ఏమీ తగ్గదు. ఆ సాయమంతా తుంటికీ వెన్నుకే అందుతుంది, మోకాలికి దక్కేది ఇంకాస్త వంగే వీలు మాత్రమే. కుర్చీ చేతులను గాని, పక్కనున్న బల్లను గాని నొక్కితే మాత్రం బరువులో కొంత నిజంగానే బయటికి పోతుంది. కుర్చీ చేతులు వాడితే కాళ్ల కీళ్ల మీద పడే టార్క్ బాగా తగ్గవచ్చని పరిశోధనల సమీక్షలు చెబుతున్నాయి. కాబట్టి తొడల మీద చేతులు పెట్టి హాయిగా లేచే మనిషిలో తుంటి, వెన్ను బలహీనతను ముందుగా అనుమానించండి. కుర్చీ చేతులు లేకుండా ఏ విధంగానూ లేవలేని మనిషిలో మోకాలిని అనుమానించండి.

మూడోది పాదాల స్థానం. పాదాలను 10 సెంటీమీటర్లు వెనక్కి, మడమలు మోకాళ్లకు వెనుకగా వచ్చేలా జరపండి. గురుత్వ కేంద్రం పాదాల మీదకు రావడానికి వెళ్లవలసిన దూరం తగ్గుతుంది, అందువల్ల వంగవలసిన అవసరమూ తుంటి మీద భారమూ తగ్గుతాయి. ఈ ఒక్క మార్పుతో ఇబ్బంది తీరిపోతే కొరత బలంలో లేదు, శరీరాన్ని ముందుకు తెచ్చుకోవడంలో ఉంది. పాదాలు వెనక్కి పెట్టగానే మడమలు పైకి లేస్తుంటే చీలమండ బిగుసుకుపోయిందని అర్థం. అప్పుడు తొడలకు ఎంత వ్యాయామం చేయించినా పాదాల మీదికి శరీరం రాదు.

వెనక్కి కూలబడటాన్ని ప్రత్యేకంగా గమనించాలి. పిరుదులు రెండు మూడు అంగుళాలు లేచి తిరిగి ధబ్బున పడినప్పుడు అందరూ దాన్ని బలహీనత అనే అనుకుంటారు. అది జరిగిన క్షణంలో కాలివేళ్లను చూడండి. వేళ్లు పైకి లేస్తూ, బరువు మడమల మీద ఉంటే, గురుత్వ కేంద్రం ఇంకా పాదాలకు వెనుకే ఉండగా లేవాలని చూశారన్నమాట. రెండు చేతులూ భుజాల ఎత్తున ముందుకు చాచి లేవమనండి. చేతుల బరువు ముందుకు రావడంతో పై శరీరపు గురుత్వ కేంద్రం నాలుగైదు సెంటీమీటర్లు జరుగుతుంది. అప్పుడు లేవగలిగితే దారి దొరికినట్లే, కాని ఆ సాయం మోకాలి భారాన్ని కూడా కొంత తగ్గిస్తుంది కనుక పాదాల పరీక్షతో కలిపి చూసిన తరువాతే నిర్ణయానికి రావాలి.

చివరిది సీటు ఎత్తు. గట్టి దిండు గాని, మడిచిన దుప్పటి మీద పలక గాని వేసి సీటును 10 సెంటీమీటర్లు పెంచండి. రెండో మెట్టులో వచ్చిన 187 దీంతో పెద్దగా తగ్గదు, 3 శాతం మాత్రమే తగ్గుతుంది. అయినా లేవడం చాలా సులువవుతుంది, ఎందుకంటే మోకాలు అంతగా ముడుచుకుని లేనప్పుడు క్వాడ్రిసెప్స్ ఎక్కువ బలం చూపగలదు, శరీరం ఎక్కవలసిన ఎత్తు కూడా తగ్గుతుంది. పల్లంగా ఉండే సోఫాలూ, పీటలూ పెద్దవారిని ఎందుకు కట్టిపడేస్తాయో ఇదే చెబుతుంది. చేతుల సాయం లేకుండా వారు లేవగలిగే అతి తక్కువ ఎత్తును సెంటీమీటర్లలో రాసి ఉంచుకోండి, తరువాత పురోగతిని కొలవడానికి అంతకంటే మంచి అంకె లేదు.

కూర్చునేటప్పుడు కూడా చూడటం మరవకండి. దిగేటప్పుడు ఊపు సాయం ఉండదు, క్వాడ్రిసెప్స్ సాగుతూనే బరువును ఆపుకుంటూ రావాలి. చివరి పది సెంటీమీటర్లలో అదుపు తప్పి కుర్చీలో పడిపోతుంటే మోకాలి మీద మీకున్న అనుమానం బలపడుతుంది.

ఐదో మెట్టు: ఒక ఉదాహరణను చివరిదాకా చూడటం

74 ఏళ్ల ఒక పెద్దావిడను వాళ్లబ్బాయి నా దగ్గరకు తీసుకొచ్చాడు. పైన లెక్కలో వాడిన కొలతలు ఆవిడవే: 60 కిలోల బరువు, 40 సెంటీమీటర్ల తొడ. ఎడమ మోకాలు కొంత అరిగింది. ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీలోంచి రెండు మూడు ప్రయత్నాల తరువాతే లేవగలుగుతోంది. "అంతలా వంగకమ్మా, నిటారుగా లే, నడుము పట్టేస్తుంది అంటాను, వినదండీ" అన్నాడు కొడుకు. "నిటారుగా లేద్దామంటే మోకాళ్లు ఒప్పుకోవు బాబూ" అంది ఆవిడ. ఆ ఒక్క మాటలో సగం నిర్ధారణ ఉంది.

43 సెంటీమీటర్ల కుర్చీలోంచి చేతులు కట్టుకుని, బాగా వంగి, రెండో ప్రయత్నంలో లేచింది. నిటారుగా లేవమంటే పిరుదులు రెండు అంగుళాలు లేచి పడిపోయాయి, ఆ క్షణంలో కాలివేళ్లు నేలనే ఉన్నాయి. పాదాలు వెనక్కి జరిపితే మొదటి ప్రయత్నంలోనే లేచింది, కాని వంగడం తగ్గలేదు. సీటును 10 సెంటీమీటర్లు పెంచగానే మామూలుగా వంగి లేచింది. పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే వ్యాయామాన్ని పదిసార్లు ఇబ్బంది లేకుండా చేసింది కనుక తుంటి కండరాల మీద నాకు పెద్దగా అనుమానం కలగలేదు.

ఆ తరువాత ఒక్కో పాదం కింద ఒక్కో ముల్లు రకం బరువు యంత్రం పెట్టి లేపాను. డిజిటల్ యంత్రాలు అంకె చూపేలోగా కదలిక అయిపోతుంది, అందుకే ముల్లుది వాడాలి. పిరుదులు లేచే క్షణంలో కుడి కాలి కింద 36, ఎడమ కాలి కింద 24 కిలోలు చూపించింది. అంటే భారంలో 60 శాతం కుడికాలే మోస్తోంది. నెట్టే బలాన్ని కొలిచే, చేతిలో పట్టుకునే డైనమోమీటర్‌ను మోకాలికి 30 సెంటీమీటర్ల కింద ఆనించి, మోకాలు 90 డిగ్రీలు వంచి ఉండగా నెట్టమన్నప్పుడు కుడికాలు 200 న్యూటన్లు, ఎడమకాలు 150 న్యూటన్లు నెట్టాయి. 0.30తో గుణిస్తే కుడికి 60, ఎడమకు 45 న్యూటన్ మీటర్ల బలం ఉన్నట్లు.

ఇప్పుడు రెండో మెట్టులోని అంకెలతో పోల్చండి. మామూలుగా 31 డిగ్రీలు వంగి లేవాలంటే మోకాళ్లకు కావలసిన 119లో 60 శాతం, అంటే 71 కుడికాలికి పడుతుంది, దాని దగ్గర ఉన్నది 60. ఎడమకు 48 పడుతుంది, ఉన్నది 45. రెండు కాళ్లకూ చాలదు. 55 డిగ్రీలు వంగితే కావలసినది 79, అందులో కుడికి 47, ఎడమకు 32. రెండూ హద్దులోకి వచ్చాయి, కుడి కాలు తన బలంలో దాదాపు 80 శాతం వాడుతోంది. కొడుకు మాన్పించాలని చూస్తున్న ఆ వంగడమే ఆవిడను లేపుతోంది. వంగవద్దన్న సలహాను ఆ రోజే మాన్పించాను.

ఇంత స్పష్టంగా ప్రతిసారీ తేలదు. మోకాలి నొప్పి ఉన్నప్పుడు కండరం ఉన్న బలాన్ని కూడా పూర్తిగా చూపదు, అందుకని నొప్పి తగ్గిన రోజున మళ్లీ కొలవాలి. పార్కిన్సన్స్ ఉన్నవారిలో బలం ఉన్నా దశల మధ్య కూర్పు దెబ్బతింటుంది. లేచిన వెంటనే కళ్లు తిరిగితే అది రక్తపోటు పడిపోవడం కావచ్చు, దాన్ని వైద్యులు చూడాలి. ఇటీవల తుంటి కీలు మార్పిడి జరిగినవారిని సర్జన్ అనుమతి లేకుండా లోతుగా వంగమని అడగకూడదు. 75 ఏళ్లు దాటిన 669 మంది మీద లార్డ్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో, లేచే వేగం కాళ్ల బలంతోపాటు స్పర్శ, చూపు, శరీర సమతూకం, మానసిక స్థితి మీద కూడా ఆధారపడినట్లు తేలింది. కొలిచిన బలం చాలినంత ఉండి కూడా లేవలేకపోతే ఈ వైపు వెతకండి.

ఆరో మెట్టు: తేలిన కండరానికే పని చెప్పడం

ఆవిడ విషయంలో లక్ష్యం రెండు క్వాడ్రిసెప్స్, అందులోనూ ఎడమది. 53 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మొదలుపెట్టాం. ఒక్కో విడతకు 8 సార్లు, మూడు విడతలు, వారానికి మూడు రోజులు. లేవడం వీలైనంత చురుగ్గా, కూర్చోవడం మనసులో నాలుగు లెక్కపెడుతూ నెమ్మదిగా చేయించాను. చురుగ్గా లేవమనడానికి కారణం ఉంది: వయసుతో కండర బలం కంటే, ఆ బలాన్ని వేగంగా చూపే సామర్థ్యం త్వరగా తగ్గుతుంది. ఎడమ పాదాన్ని కుడి పాదం కంటే కాస్త వెనక్కి పెట్టించాను, వెనుకనున్న కాలి మీద బరువు ఎక్కువ పడుతుంది కనుక. అలా చేస్తే ఎడమ మోకాలు నొప్పి పెడుతుందేమోనని మొదటి వారం పాదాలు సమానంగానే ఉంచాం. మూడు విడతలూ తేలిగ్గా పూర్తయిన ప్రతిసారీ సీటును 2 సెంటీమీటర్లు తగ్గించాం.

ఆపుతున్నది తుంటి అయి ఉంటే ఇదే సీటు మీద బాగా వంగి లేవడాన్నీ, నడుము పైకెత్తే వ్యాయామాన్నీ ముందుకు తెచ్చేవాణ్ణి. చీలమండ అయితే ముందుగా పిక్క కండరాలను సాగదీయించేవాణ్ణి. సమతూకం అయితే బలం జోలికి పోకుండా, ముందున్న బల్ల మీది వస్తువును అందుకుంటూ లేచే సాధన చేయించేవాణ్ణి.

వరుసగా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టే సమయాన్ని మొదటి రోజున కొలిస్తే ఆవిడకు 19 సెకన్లు పట్టింది. వయసుతో కండరాలు క్షీణించే సార్కోపీనియా మీద ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో సూచించిన హద్దు 12 సెకన్లు, యూరప్ బృందం హద్దు 15. పన్నెండు వారాల తరువాత ఆవిడ 14 సెకన్లలో ముగించింది, ఎడమ కాలి నెట్టుడు 150 నుంచి 185 న్యూటన్లకు, కుడిది 215కి పెరిగాయి, బరువు యంత్రాలు 32, 28 చూపించాయి. కుడికి 64.5, ఎడమకు 55.5 న్యూటన్ మీటర్లు వచ్చాయి కనుక, 31 డిగ్రీల వంపుకు కావలసిన 63.5నూ 55.5నూ రెండు కాళ్లూ అతి కష్టం మీద అందుకోగల స్థితికి చేరాయి. వీడియోలో మాత్రం ఆవిడ 40 డిగ్రీల దాకా వంగుతూనే ఉంది, అలాగే వంగనివ్వమని కొడుక్కి చెప్పాను. టాయిలెట్‌లో గోడకు బిగించిన కడ్డీని తీసెయ్యవచ్చా అని అతను అడిగితే, హద్దు అంచున ఉన్నంతకాలం వద్దని చెప్పి, వ్యాయామాన్ని మరో ఎనిమిది వారాలు పొడిగించాను.